పడిపోయిన నెలలో రాసిన ఉత్తరం

2020 మార్చి 24, మంగళవారం. తెల్లారితే ఉగాది. పొద్దున్నే ములకలపల్లి నుంచి మా పెదనాన్న ఫోన్ చేశారు. బాగున్నావా అని కూడా అడగలేదు.

"ఏందిరా ఇది? లక్ష పెడితే డెబ్బై ఏడు వేల ఐదొందలు చూపిస్తోంది. ఫోన్ తప్పు చూపిస్తోందా, నిజమేనా?"

"నిజమే పెదనాన్నా."

"మరి తీసెయ్యనా?"

మీకూ ఇలాంటి రోజు వచ్చే ఉంటుంది. రాకపోతే రాబోతోంది. పెట్టుబడి పెట్టిన ప్రతివాళ్ళకీ ఒకసారైనా వస్తుంది. అప్పుడు మీ ఫండ్ మేనేజర్ నుంచి ఒక ఉత్తరం వస్తుంది. దాన్ని ఎలా చదవాలి? అందులో ఏ వాక్యం దగ్గర ఆగాలి? చదివాక ఏం చేయాలి? ఈ అధ్యాయం ఆ ఒక్క ఉత్తరం గురించే. అలాంటి ఉత్తరాలు రాసిన మనిషిని కాబట్టి, రాసే చోట కూర్చుని చూస్తే అది ఎలా కనిపిస్తుందో చెబుతాను.

ముందు ఆ రోజు ఏం జరిగిందో చూద్దాం. మన దేశంలోని 50 పెద్ద కంపెనీల షేర్ల సూచీ నిఫ్టీ. 2019 డిసెంబర్ 31న అది 12,168 దగ్గర ఉంది. మార్చి 23, సోమవారం ఒక్క రోజులోనే 13 శాతం పడి 7,610 దగ్గర ముగిసింది. పొద్దున పది శాతం పడగానే ఎక్స్ఛేంజీలు ముప్పావు గంట వ్యాపారం ఆపేశాయి. మళ్ళీ తెరిచాక ఇంకా పడింది.

పెదనాన్న డబ్బు ఉన్నది అరవై శాతం షేర్లు, నలభై శాతం డెట్ పెట్టుకునే ఫండ్‌లో. డెట్ అంటే ప్రభుత్వ బాండ్లు, ట్రెజరీ బిల్లులు వంటివి. 2019 ఆఖరి రోజున లక్ష పెట్టారనుకోండి. షేర్లలో 60 వేలు, డెట్‌లో 40 వేలు. మార్చి 23కి ఆ 60 వేలు 37,500 అయ్యాయి. 40 వేలు 40 వేలుగానే ఉన్నాయి. మొత్తం 77,500. ఫోన్ తప్పు చూపించలేదు. (ఈ అధ్యాయంలోని అంకెలన్నీ నిఫ్టీ ముగింపు విలువలతో వేసి, కాస్త గుండ్రంగా చెప్పినవి. డెట్ మీద వచ్చే వడ్డీ, ఫండ్ ఖర్చులు వదిలేశాను. అవి కలిపితే అంకెలు కొద్దిగా మారతాయి, కథ మారదు.)

"వారం ఆగండి పెదనాన్నా, నెలాఖరుకి మా నియమం ప్రకారం చూసే రోజు ఉంది. ఆ రోజు ఏం చేశామో ఉత్తరం రాస్తాను" అన్నాను. ఆయన సరే అనలేదు, కాదనలేదు. ఫోన్ పెట్టేశారు. ఆ సాయంత్రమే దేశమంతా లాక్‌డౌన్ ప్రకటించారు.

చింపేసిన రెండు ఉత్తరాలు

మొదటిసారి రాసిన ఉత్తరం నిండా కారణాలే. వైరస్, చమురు ధరల పతనం, ఒక్క మార్చిలోనే విదేశీ మదుపరులు మన షేర్లలోంచి దాదాపు 62 వేల కోట్లు వెనక్కి తీసుకోవడం. అన్నీ నిజాలే. రాసి, పెదనాన్న చదువుతున్నట్టు ఊహించుకుని చదివాను. ఎందుకు పడిందో చక్కగా తెలిసింది. తన 77,500 ఏం చేయాలో మాత్రం ఒక్క ముక్క లేదు. చింపేశాను.

రెండోది ఓదార్పు. ఓపిక పట్టండి, దీర్ఘకాలంలో మార్కెట్లు పెరుగుతాయి, ఇదీ గడిచిపోతుంది. ఈ మాటలు చెప్పడానికి ఫండ్ మేనేజర్ అక్కర్లేదు. పైగా అది మాటివ్వడంలాంటిది. ఎప్పుడు పెరుగుతుందో నాకు తెలియనప్పుడు ఆయనకి ఎలా మాటిస్తాను? అదీ చింపేశాను.

ఈ రెండు రకాల ఉత్తరాలూ మీకు వస్తూనే ఉంటాయి. రాసేవాళ్ళు చెడ్డవాళ్ళు కాదు. భయపడినప్పుడు మనిషి చేతికి ముందు వచ్చేవి కారణాలు, ఆ తర్వాత ఓదార్పు. మీకు పనికొచ్చేది మూడో రకం. అందులో నియమం ఉంటుంది, ఆ నియమం ప్రకారం చేసిన పని ఉంటుంది.

ఏప్రిల్ మొదటి రోజున రాసింది ఇదీ:

"గౌరవనీయులైన మదుపరులకు,

మూడు నెలల క్రితం మీరు పెట్టిన లక్ష రూపాయల విలువ మార్చి 23న 77,500కి పడింది. నిన్న, మార్చి 31న, 82,400 ఉంది.

మన ఫండ్ నియమం ఇది: అరవై శాతం షేర్లు, నలభై శాతం డెట్. ప్రతి నెలా చివరి పనిదినాన వాటాలు చూస్తాం. షేర్ల వాటా 55 కంటే తగ్గినా, 65 కంటే పెరిగినా తిరిగి 60కి తెస్తాం. ఆ రెండింటి మధ్య ఉంటే ముట్టుకోం. ఈ నియమం మీరు డబ్బు పెట్టే నాటికే స్కీమ్ సమాచార పత్రంలో ఉంది.

ఫిబ్రవరి ఆఖరికి షేర్ల వాటా 58. ఏమీ చేయలేదు. మార్చి 31న 51న్నర. కాబట్టి ప్రతి లక్షకీ డెట్‌లోంచి సుమారు 7 వేల రూపాయలు తీసి షేర్లు కొన్నాం. ఇప్పుడు షేర్లలో 49,400, డెట్‌లో 33,000 ఉన్నాయి.

మార్కెట్ ఇంకా పడితే, నిన్న కొన్న ఈ 7 వేలు కూడా పడతాయి. అప్పుడు ఏమీ చేయకుండా కూర్చున్నవాళ్ళకంటే మన నష్టమే ఎక్కువగా కనిపిస్తుంది. ఇక్కడితో ఆగుతుందో లేదో నాకు తెలియదు. మళ్ళీ చూసేది ఏప్రిల్ 30న.

వచ్చే రెండేళ్ళలో మీకు ఈ డబ్బు అవసరమైతే, అది ఈ ఫండ్‌లో ఉండకూడని డబ్బు. నాకు చెప్పండి, ఎంత తీయాలో కలిసి చూద్దాం."

ఎక్కడ ఆగి చదవాలి?

ఇప్పుడు మీ చేతికి వచ్చిన ఉత్తరాన్ని దీని పక్కన పెట్టండి.

1. నియమం పడకముందే రాసి ఉందా? అన్నిటికంటే ముందు చూడాల్సింది ఇదే. పడ్డాక పుట్టిన నియమం సాకు అవుతుంది. స్కీమ్ సమాచార పత్రం ఫండ్ కంపెనీ దగ్గర ఎవరికైనా దొరుకుతుంది. అందులో షేర్ల వాటా ఎంత నుంచి ఎంత వరకు, దేన్ని చూసి మారుస్తారు అనే భాగం వెతకండి. మేనేజర్ విచక్షణ మేరకు అని మాత్రమే ఉంటే, ఉత్తరంలో నియమం అనే మాట ఎన్నిసార్లు వాడినా అది నియమం కాదు. విచక్షణతో నడిచే మంచి ఫండ్లు ఉన్నాయి, తప్పు లేదు. కానీ అప్పుడు మీరు నమ్ముతున్నది మనిషిని. ఆ సంగతి తెలిసి నమ్మండి. ఇంకో మాట. పథకం మూల స్వభావాన్నే మార్చాలంటే సెబీ నిబంధనల ప్రకారం మీకు ముందుగా తెలియజేయాలి, కనీసం 30 రోజుల పాటు ఎగ్జిట్ లోడ్ లేకుండా బయటికి వెళ్ళే వీలు ఇవ్వాలి. అలాంటి నోటీసు వస్తే చెత్తబుట్టలో వేయకండి.

2. తేదీ, మొత్తం ఉన్నాయా? మేము అవకాశాన్ని వినియోగించుకున్నాం అంటే ఎప్పుడు, ఎంతకు? తేదీ ఉంటే మీరు సరిచూసుకోగలరు. ప్రతి ఫండూ నెల ముగిసిన పది రోజుల్లోపు తన దగ్గర ఏమేం ఉన్నాయో బయటపెట్టాలి. ఫిబ్రవరి, మార్చి జాబితాలు పక్కపక్కన పెట్టి షేర్ల శాతం చూడండి. ఉత్తరం చెప్పింది, జాబితా చెప్పింది ఒకటే అయితే ఆ మేనేజర్ మాట నిలబడ్డట్టు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది, చాలామంది పొరబడేది ఇక్కడే. బ్యాలెన్స్‌డ్ అడ్వాంటేజ్ అనే పేరున్న ఫండ్ల జాబితాలో షేర్లు 65 శాతం పైన కనిపిస్తాయి. పన్ను లెక్కలో ఈక్విటీ ఫండ్‌గా ఉండాలంటే అంత ఉండాలి. కానీ అందులో కొంత భాగానికి ఎదురుగా ఫ్యూచర్స్ అమ్మి ఉంచుతారు. ఆ భాగం మార్కెట్ పడితే పడదు, పెరిగితే పెరగదు. అది తీసేయగా మిగిలిందే నికర ఈక్విటీ. ఫ్యాక్ట్‌షీట్‌లో నెట్ ఈక్విటీ అని వేరే గడిలో ఉంటుంది. మీరు చూడాల్సింది ఆ అంకెను.

3. ఇంకా పడితే ఏమవుతుందో రాశారా? రాయకపోతే ఉత్తరం సగమే వచ్చినట్టు. నా ఉత్తరంలో ఈ వాక్యం తీసేయమని ఆఫీసులో ఒకరిద్దరు అడిగారు. భయపడతారు అన్నారు. భయపడేవాళ్ళు ఎలాగూ భయపడుతున్నారు. ఏప్రిల్‌లో ఇంకా పడి ఉంటే, ఈ వాక్యం లేకపోయినందుకు నన్ను ఇంకెప్పుడూ నమ్మేవారు కాదు.

4. జోస్యం ఉందా? ఉంటే ఆ పేరా దాటేయండి.

మార్చి 24న ఎందుకు కొనలేదు?

మీకు ఈపాటికి ఈ అనుమానం వచ్చే ఉంటుంది. 23న 7,610 దగ్గర ఉన్నది 31కి 8,598కి వచ్చింది. వారం ముందు కొని ఉంటే ఇంకా చవకగా దొరికేవి కదా?

నిజమే. ఆ వారం మా గదిలో కూడా ఈ మాట వచ్చింది. కొందరు ఇప్పుడే కొందాం అన్నారు. ఇంకొందరు ఈ నెల అసలు కొనొద్దు, ఇది మామూలు పతనం కాదు అన్నారు. ఇద్దరి దగ్గరా బలమైన వాదనలు ఉన్నాయి. ఇద్దరూ తెలివైనవాళ్ళే. నియమం ఉన్నది సరిగ్గా ఇలాంటి గది కోసమే. మొదటివాళ్ళ మాట విని ముందుకు జరిపితే, వచ్చేసారి రెండోవాళ్ళ మాట విని వెనక్కి జరపడానికి దారి తెరిచినట్టే. అడుగు పట్టుకోవడం ఈ నియమానికి రాదు. రావాలని మీరు ఆశించకండి. నెలాఖరు నియమం కొన్నిసార్లు మంచి ధర జారవిడుస్తుంది, కొన్నిసార్లు తొందరపాటును ఆపుతుంది. ఏది ఎప్పుడు జరుగుతుందో ముందుగా తెలియదు.

ఇక ఆ లక్ష ఏమైంది? ఏప్రిల్ ఆఖరికి షేర్ల వాటా 63, జూన్ ఆఖరికి 64. ముట్టుకోలేదు. జూలై 31న నిఫ్టీ 11,073, షేర్ల వాటా దాదాపు 66. నియమం మళ్ళీ పలికింది. ఈసారి సుమారు 5,700 రూపాయల షేర్లు అమ్మి డెట్‌లో వేశాం. నవంబర్ ఆఖరికి మొత్తం 1,06,500. అసలేమీ చేయకుండా వదిలేసిన 60-40 లక్ష అప్పటికి 1,03,900. తేడా 2,600 రూపాయలు. అంతే. నియమం వల్ల డబ్బు రెట్టింపైందని ఎవరైనా చెబితే నమ్మకండి.

మరి అసలు లాభం ఎక్కడుంది? మార్చి 24న తీసేసి ఉంటే పెదనాన్న చేతికి 78,500 వచ్చేవి. తర్వాత తిరిగి ఎప్పుడు పెట్టేవారు? మే నెలలోనా, ఆగస్టులోనా, అన్నీ పెరిగాక నవంబర్లోనా? ఆ ప్రశ్నకి జవాబు లేకుండా బయటికి వచ్చిన మనిషి 78,500 దగ్గరే ఉండిపోతాడు. 2,600 కంటే ఈ 28 వేల తేడా చాలా పెద్దది. అది తెలివితేటల వల్ల వచ్చింది కాదు. తీసెయ్యనా అన్న ప్రశ్నకి ముందే రాసిపెట్టుకున్న జవాబు ఉండటం వల్ల వచ్చింది.

తోట ఉన్నవాళ్ళకి ధర పడినప్పుడు ఆగడం కొత్త కాదు. 2022 వేసవిలో టన్ను ఆయిల్‌పామ్ గెలలు 20 వేలు దాటి పలికాయి. ఏడాది తిరిగేలోపు 13 వేల లోపుకి పడ్డాయి. మార్చి 2020 నాటికి నిఫ్టీ పడిన లోతు, ఈ లోతు ఇంచుమించు ఒకటే. ములకలపల్లి, దమ్మపేట, అశ్వారావుపేట మండలాల్లో ధర పడిందని ఆ నెలలోనే చెట్లు కొట్టేయాలని పరుగెత్తినవాళ్ళు ఎవరు? కాపుకి రావడానికి నాలుగేళ్ళు పట్టిన చెట్టు అది. కొట్టేయాలన్నా ఖర్చే. అదే యూనిట్లయితే మంచం మీద పడుకుని బొటనవేలితో అమ్మేయొచ్చు. ఆ సులువే ప్రమాదం.

అయితే తోటకీ ఫండ్‌కీ ఒక తేడా ఉంది, దాన్ని మరిచిపోవద్దు. ధర పడిన నెల రైతు పక్క తోటలో పది చెట్లు కొనుక్కుని తన తోటలో కలుపుకోలేడు. ఫండ్ కొనగలదు. కానీ కొనడానికి డబ్బు కావాలి, అది డెట్ వైపు నుంచే రావాలి.

నియమం ఎక్కడ విరుగుతుంది?

రెండు చోట్ల విరుగుతుంది. రెండూ మన దేశంలో జరిగినవే.

మొదటిది, పతనం ఆగకుండా సాగినప్పుడు. 2008లో అదే జరిగింది. ఇదే నియమంతో 2007 డిసెంబర్ ఆఖరున లక్ష పెట్టారనుకోండి. మార్చిలో షేర్ల వాటా 55 కిందికి పడింది, డెట్‌లోంచి తీసి కొన్నాం. ఆ తర్వాత నిఫ్టీ ఇంకా ఇంకా పడింది. అక్టోబర్ ఆఖరికి మన లక్ష 66,000. ఏమీ చేయని వాళ్ళ లక్ష 68,200. నియమం పాటించినందుకు రెండు వేలకు పైగా ఎక్కువ నష్టం! ఆ అక్టోబర్ 31న నియమం మళ్ళీ కొనమంది. చెయ్యి వణికేది అక్కడే. కొన్నవాళ్ళ లక్ష 2009 మే ఆఖరికి 87,500కి వచ్చింది, అసలేమీ చేయనివాళ్ళది 83,500 దగ్గరే ఉంది. ఏడు నెలల పాటు తప్పు చేశామేమో అనిపించే పని అది. మొదటిసారి కొని, రెండోసారి భయపడి ఆపినవాళ్ళకి లోతు మిగులుతుంది, లేవడం మిగలదు. సగం పాటించే ఉద్దేశం ఉంటే అసలు మొదలుపెట్టకండి.

రెండోది నాకు ఇంకా ముఖ్యం. డెట్ వైపు డబ్బు అడిగిన రోజున రాకపోతే? 2020 ఏప్రిల్ 23న, షేర్లు అడుగు తాకిన సరిగ్గా నెలకి, ఫ్రాంక్లిన్ టెంపుల్టన్ మ్యూచువల్ ఫండ్ తన ఆరు డెట్ పథకాలను మూసేసింది. వాటిలో దాదాపు 25 వేల కోట్లు ఉన్నాయి. ఎక్కువ వడ్డీ కోసం తక్కువ రేటింగ్ ఉన్న కంపెనీల బాండ్లు అందులో చాలా ఉన్నాయి. మదుపరులు ఒక్కసారిగా వెనక్కి అడిగారు, ఆ బాండ్లు కొనేవాళ్ళు మార్కెట్‌లో లేరు. తర్వాత ఆ డబ్బు విడతలు విడతలుగా వచ్చింది. కానీ షేర్లు చవకగా ఉన్న ఆ నెలల్లో అది తాళం వేసిన గదిలో ఉంది.

డెట్ అని రాసి ఉన్నంత మాత్రాన అది సిద్ధంగా ఉన్న డబ్బు కాదు. కాబట్టి మీ ఫండ్ జాబితాలో డెట్ భాగం కిందికి దిగి చూడండి. సావరిన్ అని ఉంటే అది ప్రభుత్వానిది. తర్వాత మూడు ఏలు పక్కపక్కన ఉన్న రేటింగ్. అవి రెండూ కలిసి ఎక్కువ భాగం ఉన్నాయా? ఒంటి ఏ రేటింగ్ ఉన్న పేర్లు చాలా కనిపిస్తే, ఎందుకని ఫండ్ కంపెనీని అడగండి. పక్క ఫండ్ కంటే డెట్ మీద ఒక శాతం ఎక్కువ వచ్చిందని మురిసిపోయే ముందు అడగండి.

మీ నోటుబుక్కులో

ఇంతదాకా మేనేజర్ నియమం. ఇప్పుడు మీది. మేనేజర్ ఎంత నియమంగా ఉన్నా, మీరు మధ్యలో తీసేస్తే ఆ నియమం మీకు పనిచేయదు కదా? ఒక పేజీ చాలు. మార్కెట్ ప్రశాంతంగా ఉన్న రోజున రాయండి.

మొదటి గీత కింద, రెండేళ్ళలో కావలసిన డబ్బు ఎంతో రాయండి. మనవరాలి కాలేజీ ఫీజు, మోటారు మార్చడం, పెళ్ళి ఖర్చు. ఇది బ్యాంకులో ఉండాలి, 60-40 ఫండ్‌లో కూడా కాదు. పడిన నెలలో అమ్ముకున్నవాళ్ళలో కొందరు భయంతో అమ్మలేదు, అవసరంతో అమ్మారు. వాళ్ళకి ఏ ఉత్తరమూ సాయం చేయలేదు.

రెండో గీత కింద, మీ లక్షలో ఎంత పడితే నిద్ర పట్టదో రూపాయల్లో రాయండి. శాతాల్లో రాయొద్దు. ఇరవై శాతం పడినా పర్లేదు అనే మనిషి, ఐదు లక్షల్లో లక్ష పోయిందంటే వేరేగా వింటాడు. 2020 మార్చి 23కి 60-40 లక్ష దగ్గర దగ్గర 22,500 పడింది. మొత్తం షేర్లలోనే ఉన్న లక్ష 37,500 పడింది. ఈ రెండు అంకెలు పక్కన రాసుకుని, మీరు భరించగలిగేది వీటికంటే తక్కువైతే, షేర్ల వాటా ఇప్పుడే తగ్గించుకోండి. పడ్డాక తగ్గించుకోవడం అంటే చవకగా అమ్మడమే.

మూడో గీత కింద, చూసే రోజు. నెలకి ఒక్కరోజు చాలు. రోజూ చూస్తే రోజూ ఏదో చేయాలనిపిస్తుంది.

నాలుగోది సిప్ ఉన్నవాళ్ళకి. నెల నెలా కట్టే డబ్బు ఆగాల్సిన కారణాలు రాయండి: ఆదాయం పోవడం, ఆసుపత్రి ఖర్చు. మార్కెట్ పడటం ఆ జాబితాలో ఉండకూడదు. నెలకి రెండు వేలు కడుతుంటే, అదే రెండు వేలకి పడిన మార్చి నెలలో ఎక్కువ యూనిట్లు వస్తాయి. ఆ ఒక్క నెల ఆపినవాళ్ళు చవకగా దొరికే వాయిదానే వదులుకున్నట్టు.

వాటాలు సరిచేసే పని మీరే స్వయంగా రెండు వేర్వేరు ఫండ్లతో చేసుకోవచ్చు. కానీ అమ్మిన ప్రతిసారీ లాభం మీద పన్ను, కొన్నిటికి ఎగ్జిట్ లోడ్ ఉంటాయి. ఫండ్ లోపల మేనేజర్ చేస్తే ఆ అమ్మకానికి మీరు పన్ను కట్టక్కర్లేదు. చిన్న మొత్తాలకి అదే నయం అని నా అభిప్రాయం.

రెండో ఫోన్

అందరూ పడినప్పటి ఉత్తరమే కష్టం అనుకుంటారు. నాకు ఎక్కువ ఫోన్లు వచ్చింది ఆగస్టు మొదటి వారంలో. జూలై 31న షేర్లు అమ్మామని రాసిన ఉత్తరం అందాక. మార్కెట్ పరుగెడుతోంది, పక్కింటివాళ్ళు కొంటున్నారు, మీరేమో అమ్ముతారా అని కోపం. నెలలు గడిచేకొద్దీ మార్కెట్ ఇంకా పెరిగింది కూడా. అమ్మిన ఆ 5,700 ఉంచి ఉంటే నవంబర్ ఆఖరికి దాదాపు వెయ్యి రూపాయలు ఎక్కువ వచ్చేవి. ఆ లెక్క కూడా డిసెంబర్ ఉత్తరంలో రాశాను. మీ మేనేజర్ కూడా రాస్తున్నారా, చూడండి.

ములకలపల్లి నుంచీ ఫోన్ వచ్చింది.

"పెరుగుతుంటే ఎందుకు అమ్మారురా?"

"ఏప్రిల్లో పంపిన కాగితం ఉందా పెదనాన్నా?"

కాసేపు ఏమీ వినపడలేదు. బీరువా తలుపు చప్పుడు, కాగితాలు తిరగేస్తున్న చప్పుడు. తర్వాత ఆయన గొంతు, మెల్లగా చదువుకుంటున్నట్టు: "యాభై ఐదు కంటే తగ్గినా, అరవై ఐదు కంటే పెరిగినా..." ఆగారు.

"ఇప్పుడెంత ఉంది?"

"నెలాఖరుకి అరవై ఆరు దగ్గరికి వచ్చింది."

"ఓహో, దాటిందన్నమాట. సరే. మళ్ళీ చూసేది ఎప్పుడు?"

"ఆగస్టు 31."

"రాసుకుంటా. ఇక్కడ వారం నుంచి ఒకటే వాన. గెలలు కోద్దామంటే ట్రాక్టర్ తోటలోకి దిగేట్టు లేదు."